ఇరవై ఎనిమిది కిలోల పేడకు ఎంత గుంట?

ఒంగోలు పక్కన పల్లెలో మా మావయ్య వాళ్ళ వీధి చివర ఒక గోబర్ గ్యాస్ గుంట ఉంది. దాని గుమ్మటం మీద ఇప్పుడు పిడకలు ఆరుతుంటాయి. కట్టించినప్పుడు ఆ ఇంటి కొట్టంలో ఆరు పశువులుండేవి. ఆరు తలలకు మూడు క్యూబిక్ మీటర్ల ప్లాంటు అని ఎవరో లెక్క చెప్పారు, వాళ్ళు కట్టించారు. ఆ ఆరింటిలో మూడు దూడలు. మిగతా మూడూ పొద్దున పాలు పితకగానే చెరువుగట్టుకు మేతకు పోయేవి. ఇంట్లో పడిన పేడ ఆ గుంటకు ఏ రోజూ సగం కూడా కాలేదు. పొయ్యి ఒక పూటకు వెలిగి రెండో పూటకు నీరసపడేది. గ్యాసు చాలడం లేదని ఎవరో నీళ్ళు ఎక్కువ పొయ్యమన్నారు. పోశారు. ఉన్నది కూడా తగ్గింది. చివరికి సిలిండరు తెచ్చుకున్నారు.

ఆ పిడకలు చూసే మావయ్య భయపడ్డాడు. "ఏరా, నువ్వు ఇట్లాంటివి రాస్తుంటావు గదా! మాకు రెండు క్యూబిక్‌ది పెట్టించుకోమంటున్నారు. రెండు గేదెలు, ఒక ఆవు, ఒక దూడ. రెండు చాలుద్దా, మూడు పెట్టించనా?" అని ఫోను చేశాడు. వచ్చే ఆదివారం వస్తానని, ఈలోపు కొట్టంలో పడే పేడను వారం రోజులు తూచి పెట్టమని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. "పేడ తూచడమేందిరా?" అన్నాడు చివరికి.

తూచడం ఎందుకో చెప్పాలంటే ముందు ఆ "రెండు క్యూబిక్" అన్న మాట సంగతి చూడాలి. వినగానే గుంటలో రెండు ఘనపు మీటర్లు పడుతుందని అనుకుంటాం. బావి లోతు, నీళ్ళ ట్యాంకు లీటర్లు చెప్పినట్టే ఇదీ అనుకుంటాం. కాదు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటు అంటే రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాసు ఇవ్వగల ప్లాంటు అని అర్థం. అదీ దానికి తగ్గ పేడ రోజూ వేస్తేనే. గుంటలో పట్టేది అంతకంటే చాలా ఎక్కువ. ఆ అంకె గుంట ఇస్తానన్న మాట అనుకుంటారు కానీ, నిజానికి అది మన నుంచి గుంట ఆశించే మేత.

ఆ మేత ఎంత? ఈ రంగంలో అందరూ వాడే లెక్క ఒకటుంది. మన వేడి ప్రాంతాల్లో కిలో పచ్చి పేడ నుంచి సుమారు 0.04 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది. అంటే 40 లీటర్లు. ఆ లెక్కన ఒక ఘనపు మీటరు గ్యాసు కావాలంటే రోజుకు 25 కిలోల పేడ, రెండింటికి 50, మూడింటికి 75. వీధి చివరి ఇంటివాళ్ళు రోజూ 75 కిలోలు వేయాల్సింది. మూడు దూడలు, మేతకు పోయే మూడు పెద్ద పశువుల నుంచి అది జరిగే పని కాదు.

ఇక పశువుకు ఎంత పేడ అన్నదానికీ పుస్తకాల్లో లెక్క ఉంది. రోజంతా కట్టేసి మేపే గేదె సుమారు 15 కిలోలు, ఆవు 10, దూడ 5. మావయ్య కొట్టానికి ఇది వర్తింపజేస్తే రెండు గేదెలకు 30, ఆవుకు 10, దూడకు 5, మొత్తం 45 కిలోలు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు కావలసిన యాభైకి దగ్గరే. కాబట్టి రెండు క్యూబిక్ పెట్టించుకోమన్నవాళ్ళు గాల్లోంచి చెప్పలేదు. వాళ్ళు తలలు లెక్కపెట్టి పుస్తకం చూసి చెప్పారు. కాకపోతే పుస్తకంలో గేదె రోజంతా గుంజకు కట్టేసి ఉంటుంది. మావయ్య గేదెలు పొద్దున తొమ్మిదింటికి పొలం గట్లకు పోయి సాయంత్రం అయిదింటికి తిరిగొస్తాయి. ఆ ఎనిమిది గంటల పేడ గట్లకు, డొంకదారికి, చెరువుకు చెందుతుంది. దానివల్ల నష్టమేమీ లేదు, పొలానికి మంచిదే. గుంటకు మాత్రం అది లేనట్టే.

అందుకే తూకం. దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పాత ఇనుపసామాన్లు కొనేవాళ్ళ చేతిలో ఉండే స్ప్రింగు కాటా ఒకటి, ఒక ప్లాస్టిక్ గంప, గోడ మీద రాసుకోవడానికి బొగ్గుముక్క. కాటాను కొట్టం దూలానికి తగిలించాలి. ఖాళీ గంప బరువు ముందే చూసి తీసేయాలి. పొద్దున ఒకసారి, పశువులు తిరిగొచ్చాక రాత్రి పడుకోబోయే ముందు మరోసారి ఎత్తిన పేడను తూచాలి. ఎండలో పడి పైపొర కట్టినదాన్ని తూస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే పచ్చి పేడలో అయిదింట నాలుగు వంతులు నీరే. ఆరితే బరువు పోతుంది కానీ గ్యాసు ఇచ్చే సరుకు పోదు. గడ్డిపరకలు, మట్టి కలిసిన అడుగు పేడను విడిగా పెట్టాలి, అది గుంటలో వేయదగింది కాదు.

ఆదివారం వెళ్ళేసరికి కొట్టం గోడ మీద ఏడు అంకెలున్నాయి. 29, 33, 30, 34, 28, 32, 31. అత్తయ్య రాసింది. మావయ్య మొదటిరోజే విసుక్కుని వదిలేశాడట. కూడితే 217, ఏడుతో భాగిస్తే రోజుకు సరిగ్గా 31 కిలోలు. పుస్తకం చెప్పిన 45లో మూడింట ఒక వంతు గట్లకు పోయింది.

"ఇందులో కళ్ళాపికి, అలకడానికి ఎంత తీస్తావు అత్తయ్యా?" అన్నాను.

"రోజూ ఒక చిన్న తట్టెడు. పండగలప్పుడు ఇంకాస్త" అంది. అదీ తూచాం. మూడు కిలోలు. గుంటకు మిగిలేది 28.

ఈ 28 కూడా ఏడాది పొడవునా నిలిచే అంకె కాదు. మేం తూచింది ఫిబ్రవరిలో. వానాకాలం పచ్చగడ్డి మేసినప్పుడు పేడ పలచబడి బరువు పెరుగుతుంది, కానీ పెరిగిన దాంట్లో ఎక్కువ భాగం నీరు. ఎండాకాలం గడ్డి కరువైతే నిజంగానే తగ్గుతుంది. వీలున్నవాళ్ళు రెండు కాలాల్లో తూస్తే మంచిది. ఒక్కసారే తూచగలిగితే తక్కువ అంకెను నమ్ముకోవడం మేలు.

28 కిలోలను 0.04తో గుణిస్తే రోజుకు 1.12 ఘనపు మీటర్ల గ్యాసు. అది ఇంటికి చాలుతుందా? మనిషికి రోజుకు వంటకు సుమారు 0.24 ఘనపు మీటరు కావాలన్నది పాత లెక్క. మావయ్య ఇంట్లో అయిదుగురు, అంటే 1.2. దాదాపు సరిపోయింది. ఇంకోలా చూస్తే, ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాసు 0.43 కిలోల వంటగ్యాసుతో సమానం కాబట్టి 1.12 అంటే రోజుకు 0.48 కిలోలు. 14.2 కిలోల సిలిండరు ఈ లెక్కన నెలరోజులొస్తుంది. వాళ్ళింట్లో ఇప్పుడు సిలిండరు నెలకు రెండు మూడు రోజుల ముందే అయిపోతోంది. అత్తయ్య ఆ లెక్క వినగానే ఒప్పుకుంది. మావయ్యకు మాత్రం రెండుకు బదులు ఒకటి పెట్టించుకోవడం నామోషీగా అనిపించింది.

గ్యాసు లెక్క తేలింది. అసలు గుంట లెక్క ఇప్పుడు మొదలవుతుంది. దీనికి కావలసిన మూడో అంకె రోజులు. వేసిన పేడ గుంటలో ఎన్ని రోజులు నిలవుండాలి?

పేడ గుంటలో పడగానే గ్యాసు కాదు. దానిలో రెండు రకాల సూక్ష్మజీవులు ఒకదాని తరవాత ఒకటి పనిచేస్తాయి. మొదటివి పేడలోని పదార్థాన్ని విరగ్గొట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. రెండోవి ఆ ఆమ్లాలను తిని మీథేను వదులుతాయి. మొదటివాటిది చురుకైన చెయ్యి. మీథేను చేసేవి నిదానస్తులు, తమ సంతతిని రెట్టింపు చేసుకోవడానికి రోజులు పడుతుంది. పశువు కడుపులోనే ఇవి ఉంటాయి కాబట్టి పేడకు విడిగా తోడు వేయనక్కర్లేదు. కానీ వాటికి వ్యవధి ఇవ్వాలి.

గుంటలో ఈ వ్యవధి ఎలా వస్తుందో అర్థం కావాలంటే తిరుమల వైకుంఠం కంపార్ట్‌మెంట్లలో కూర్చున్న రోజు గుర్తు తెచ్చుకోండి. లోపలికి కొంతమందిని వదిలితే అంతమంది అటువైపు బయటికి కదులుతారు. మనం ఎంతసేపు కూర్చుంటామన్నది రెండే విషయాల మీద ఉంటుంది. మొత్తం హాళ్ళలో ఎంతమంది పడతారు, గంటకు ఎంతమందిని వదులుతున్నారు. గోబర్ గ్యాస్ గుంట కూడా అంతే. ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. పొద్దున 56 లీటర్లు పోస్తే అటు తొట్టిలోంచి దాదాపు 56 లీటర్లు బయటికొస్తుంది. గుంటలో పట్టేదాన్ని రోజూ పోసేదానితో భాగిస్తే నిలవ రోజులు. తిప్పి చెబితే:

గుంట పరిమాణం = (రోజూ వేసే పేడ + రోజూ పోసే నీళ్ళు) × నిలవ రోజులు

ఇది సగటు మాత్రమే. క్యూలో సందు చూసి ముందుకు దూరేవాళ్ళున్నట్టే, ఇవాళ పోసిన పేడనీళ్ళలో కొంత వారంలోపే అటు చేరిపోతుంది, కొంత అడుగున నెలల తరబడి కూర్చుంటుంది. అందుకే రోజులను మరీ కొసకు కొలిచి పెట్టుకోకూడదు.

ఎన్ని రోజులన్నది వేడి చెబుతుంది. ఈ సూక్ష్మజీవులకు 35 డిగ్రీల దగ్గర హాయి. 20 కంటే దిగుతున్నకొద్దీ మందగిస్తాయి, 15 లోపు దాదాపు ముడుచుకుంటాయి. మన దేశంలో ప్రభుత్వ బయోగ్యాస్ పథకాలు అందుకే దేశాన్ని మూడు మండలాలుగా చేశాయి. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు, కేరళ, మహారాష్ట్ర వంటి వెచ్చటి రాష్ట్రాలకు 30 రోజులు. ఉత్తరాది మైదానాలకు, గుజరాత్, ఒడిశా, బెంగాల్ వంటి వాటికి 40. హిమాలయ కొండ ప్రాంతాలకు 55. ఒకే పేడకు కొండల్లో ఇక్కడికంటే దాదాపు రెట్టింపు గుంట తవ్వాలన్నమాట.

రాష్ట్రం పేరు చూసి గుంట తవ్వడంలో ఒక చిక్కుంది. వెచ్చటి రాష్ట్రం అన్నంత మాత్రాన లంబసింగి, చింతపల్లి, అరకు వెచ్చబడవు. ఆదిలాబాద్‌లో డిసెంబరు రాత్రులు పది డిగ్రీల లోపుకు పోతాయి. గుంట భూమిలో ఉంటుంది కాబట్టి రాత్రి చలి అంతా లోపలికి దిగదు, కానీ నెలరోజులు చలి నిలిస్తే నేల కూడా చల్లబడుతుంది. అక్కడివాళ్ళు 30 అన్న అంకెను పక్కనపెట్టి 40 తీసుకోవాలన్నది నా అభిప్రాయం.

ఒంగోలు వైపు ఆ బాధ లేదు. అయినా మావయ్యకు కూడా 40 రోజులే వేయమన్నాను. కారణం లెక్క చూస్తే తెలుస్తుంది.

పేడకు సమానంగా నీళ్ళు కలపాలి. పేడలో అయిదో వంతు ఘనం, సమానంగా నీళ్ళు చేరితే అది పదో వంతుకు దిగుతుంది. ఈ గుంటలకు ఆ చిక్కదనమే కుదురుతుంది. చేత్తో కలిపితే దోసెల పిండి కంటే కాస్త పలచగా ఉంటుంది. 28 కిలోల పేడ, 28 లీటర్ల నీళ్ళు, మొత్తం 56 లీటర్లు. కిలో పేడను లీటరుగా తీసుకుంటే ఈ పనికి చాలు. 56ను 30తో గుణిస్తే 1,680 లీటర్లు. 40తో గుణిస్తే 2,240.

బజార్లో గుంటలు మనకు నచ్చిన లీటర్లకు కట్టరు. ఒక ఘనపు మీటరు, రెండు, మూడు, నాలుగు అని నమూనాలుంటాయి. ఒక ఘనపు మీటరు ప్లాంటును 25 కిలోల పేడకు, అంటే రోజుకు 50 లీటర్ల పేడనీళ్ళకు గీస్తారు. అదే ప్లాంటును 30 రోజులకు కడితే లోపల 1,500 లీటర్లు పడుతుంది, 40 రోజులకు కడితే 2,000. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒకే పేరున్న ప్లాంటు రెండు కొలతల్లో ఉండొచ్చు. మేస్త్రిని అడగాల్సింది ఎన్ని క్యూబిక్ అని ఒక్కటే కాదు, ఎన్ని రోజులది అని కూడా.

మావయ్య 56 లీటర్లను 1,500 లీటర్ల గుంటలో పోస్తే 27 రోజులు కూడా నిండవు. 2,000 లీటర్ల దాంట్లో పోస్తే దాదాపు 36 రోజులు నిలుస్తుంది. అదే రెండు ఘనపు మీటర్ల, 40 రోజుల ప్లాంటులో 4,000 లీటర్లుంటుంది. అందులో అయితే 71 రోజులు. అంతకాలం నిలిస్తే ఇంకా ఎక్కువ గ్యాసు రాదా అని మావయ్య అడిగాడు. కొంచెం వస్తుంది. మన వేడికి పేడలోంచి రావలసిన గ్యాసులో ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు వారాల్లోనే వచ్చేస్తుంది. చెరుకుగడను గానుగలో రెండోసారి పెట్టినట్టు, ఆ తరవాత వచ్చేది చుక్కలు. ఆ చుక్కల కోసం రెట్టింపు గొయ్యి తవ్వి, రెట్టింపుకు దగ్గరగా ఇటుక, సిమెంటు పోయడం దండగ. పైగా వీధి చివరి ఇంట్లో లాగా కదలిక తక్కువైన గుంటలో పైన తెట్టు కట్టి గట్టిపడుతుంది.

రెండు వేల లీటర్లంటే ఎంత గొయ్యో ఊహకు అందకపోతే, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు ఉన్న గుండ్రటి బావిలో సుమారు 2,100 లీటర్లు పడుతుంది. వెనకటి ఖాదీ కమిషన్ నమూనా ఇలాగే ఉండేది. జశ్‌భాయ్ పటేల్ గ్రామలక్ష్మి పేరుతో తెచ్చిన రూపమే దానికి మూలం. బావిలో పేడనీళ్ళు, వాటి మీద బోర్లించిన ఇనుపడ్రమ్ము. గ్యాసు చేరితే డ్రమ్ము పైకి లేస్తుంది, వాడితే దిగుతుంది. గ్యాసు ఎంతుందో వీధిలోంచే కనపడేది. డ్రమ్ము తుప్పు పట్టడమే దాని జబ్బు. 1984లో ఆఫ్‌ప్రో సంస్థ తెచ్చిన దీనబంధు నమూనాలో డ్రమ్ము లేదు, నేలలో కప్పేసిన ఇటుక గుమ్మటమే గ్యాసును పట్టి ఉంచుతుంది. మావయ్య వాళ్ళ వైపు మేస్త్రీలకు వచ్చింది ఇదే.

దీనబంధులో ఇంకో కొలత దాక్కుని ఉంది. గుమ్మటం కింద గ్యాసు నిలవకు ఇచ్చే చోటు రోజు గ్యాసులో మూడో వంతే. ఒక ఘనపు మీటరు ప్లాంటులో 0.33. మావయ్య ఇంట్లో గంటకు 0.047 ఘనపు మీటరు చొప్పున గ్యాసు పుడుతుంది. రాత్రి ఎనిమిదింటికి పొయ్యి ఆర్పితే ఏడు గంటల్లో, అంటే తెల్లవారుజాము మూడింటికి గుమ్మటం నిండిపోతుంది. అక్కణ్ణించి అయిదింటికి కాఫీ పెట్టేదాకా పుట్టింది తొట్లలోంచి బుడగలుగా గాల్లోకి పోతుంది. అందుకని ఈ గుంట ఉన్న ఇంట్లో వంటంతా ఒకే పూట చేసుకుంటే గ్యాసు చాలదు. రెండు మూడు పూటలుగా వాడితే చాలుతుంది. అత్తయ్య రాత్రి పడుకోబోయే ముందు మర్నాటికి నీళ్ళు కాచి ఫ్లాస్కులో పోయడం అలవాటు చేసుకుంది. నేను చెప్పింది కాదు, తనే కనిపెట్టింది.

గుంట కట్టారు. మొదటిసారి నింపడం దగ్గర మళ్ళీ తూకం అడ్డొచ్చింది. 2,000 లీటర్లు నిండాలంటే వెయ్యి కిలోల పేడ, వెయ్యి లీటర్ల నీళ్ళు. రోజుకు 28 చొప్పున పోగేస్తే అయిదు వారాలు. పక్కిళ్ళవాళ్ళను అడిగి నాలుగు రోజుల్లో నింపారు. తొలి గ్యాసు అంటుకోలేదు. అందులో బొగ్గుపులుసు వాయువే ఎక్కువ. అది వదిలేశారు. మూడో వారంలో నీలి మంట వచ్చింది.

రెండు నెలలకు మావయ్య మళ్ళీ ఫోను. "గ్యాసు పడిపోయిందిరా. పేడ మాత్రం అంతే వేస్తున్నాం."

వెళ్ళి చూస్తే బయటి తొట్టిలో పేడవాసన. ఈ ఒక్క గుర్తు చాలు. పూర్తిగా జీర్ణమైన పేడనీళ్ళకు పేడవాసన ఉండదు, ఈగలు పెద్దగా వాలవు, తొట్టిలో నిశ్చలంగా ఉంటుంది. పచ్చివాసన వేస్తూ, తొట్టిలో కూడా బుడగలు లేస్తుంటే లోపల పుట్టాల్సిన గ్యాసు బయట పుడుతోందని అర్థం. అంటే పేడ తన రోజులు నిండకుండానే బయటికొస్తోంది.

పేడ పెరగలేదు, గుంట తగ్గలేదు. మరి రోజులెలా తగ్గాయి? కొట్టం చుట్టూ చూస్తే దొరికింది. కొత్తగా మోటారుకు పైపు పెట్టి కొట్టం కడుగుతున్నారు. కడిగిన నీళ్ళు పారుదలగా కలిపే తొట్టిలోకే వెళుతున్నాయి. ఒక్క చుక్క వృథా కాకూడదని మావయ్య చేసిన ఏర్పాటే అది. బిందెతో కొలిచాం, సుమారు 120 లీటర్లు. 28 కిలోల పేడ, 120 లీటర్ల నీళ్ళు, మొత్తం 148. 2,000ను 148తో భాగిస్తే పదమూడున్నర రోజులు. ముప్పై ఆరు రోజుల గుంట పైపు పెట్టగానే రెండు వారాల గుంట అయిపోయింది. నిదానంగా పెరిగే మీథేను జీవులు పెరిగేలోపే నీళ్ళతో పాటు కొట్టుకుపోతున్నాయి. వీధి చివరివాళ్ళకు గ్యాసు కోసం నీళ్ళు ఎక్కువ పొయ్యమన్న సలహా ఎందుకు తిరగబడిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. పలచనైతే ఇంకో చేటు, ఘనం నీళ్ళలో విడిపోయి బరువైంది అడుగుకు, తేలికది పైకి పోతుంది.

కడుగునీళ్ళు పెరట్లో అరటిచెట్ల వైపు మళ్ళించారు. కొట్టంలో ఎప్పుడైనా ఫినాయిలు చల్లితే ఆ నీళ్ళు అసలే గుంటకు పోకూడదు, లోపలి జీవులను చంపుతుంది. మూడు వారాలకు మంట మళ్ళీ పాత పద్ధతికి వచ్చింది.

ఇదయ్యాక రెండేళ్ళు. మొన్న సంక్రాంతికి వెళితే దూడ పడ్డ అయి ఉంది. గోడ మీద అత్తయ్య కొత్త అంకెలు రాసింది. కళ్ళాపికి తీయగా గుంటకు పోయేది ఇప్పుడు 34 కిలోలు. నీళ్ళతో 68 లీటర్లు. 2,000ను భాగిస్తే 29 రోజుల పైచిలుకు. ఒంగోలు వేడికి ఇది ఇంకా సరిపోతుంది. 40 రోజులకు కట్టించుకోవడంలో మిగిల్చుకున్న చోటును పడ్డ వచ్చి నింపేసింది. 30 రోజులకు కట్టిన 1,500 లీటర్ల గుంట అయితే ఇవాళ 22 రోజుల దగ్గరుండేది.

గ్యాసు అంత లెక్కగా పెరగలేదు. గుమ్మటం పాతదే కాబట్టి రాత్రిపూట ఎక్కువ బయటికి పోతోంది. ఇంకో దూడ పుట్టబోతోందని మావయ్య చెప్పాడు. అది పెద్దదయ్యేలోపు అన్నీ ఉంచుకుని రెండో గుంట కట్టాలా, ఒక గేదెను అమ్మేయాలా అని ఇంట్లో చర్చ నడుస్తోంది. కాటా మాత్రం ఇంకా దూలానికే వేలాడుతోంది.